మోకాలు మెలిపడి వాచితే స్కాన్ ఎప్పుడు?

"ఫుట్‌బాల్ ఆడుతుంటే మోకాలు మెలిపడి వాచింది. ఎక్స్‌రే నార్మల్. ఎంఆర్ఐ అవసరమా?"

వాపు రెండు గంటల్లోపే వచ్చి ఉంటే, ఎక్స్‌రే బాగున్నా ఎముకల డాక్టర్‌కు చూపించి కొద్ది రోజుల్లో ఎంఆర్ఐ తీయించుకోవడం మంచిది. అంత వేగంగా ఉబ్బిందంటే సాధారణంగా లోపల రక్తం చేరినట్టే, దానికి ఎక్కువగా కారణం మోకాలి ఎముకలను కలిపి పట్టి ఉంచే ఏసీఎల్ లిగమెంట్ తెగడం. ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ ఒక్కటే చిరిగితే వాపు చాలావరకు మర్నాటికి మెల్లగా వస్తుంది. ఉదాహరణకు, పాదం నేలకు ఆనించి ఒళ్లు తిప్పినప్పుడు లోపల 'టప్'మని, అరగంటలో మోకాలు ఉబ్బితే ముందు ఏసీఎల్‌నే అనుమానించాలి. కాలు చాపలేకుండా ఇరుక్కుపోయినా, నాలుగడుగులు వేయలేకపోయినా అదే రోజు వెళ్లాలి. "నడుస్తున్నా కదా, లిగమెంట్‌కేం కాలేదు" అనుకోవడం పొరపాటు. ఏసీఎల్ తెగినా తిన్నగా నడవొచ్చు, గబుక్కున పక్కకు తిరిగితేనే మోకాలు పట్టు తప్పుతుంది. ఎక్స్‌రేలో లిగమెంట్ కనిపించదు.