ఫ్యాన్ స్పెక్ షీట్‌ని కొనేవాళ్ల మాటల్లోకి మార్చడం ఎలా?

ప్రశ్న: మాది కావలి. బీకాం అయిపోయింది. ఫ్యాన్లు, మిక్సీలు ఆన్‌లైన్‌లో అమ్మే నెల్లూరు సంస్థలో ప్రొడక్ట్ కంటెంట్ ఉద్యోగానికి వెళ్లాను. ఒక బీఎల్‌డీసీ సీలింగ్ ఫ్యాన్ స్పెక్ షీట్ ఇచ్చి ఐదు బుల్లెట్ పాయింట్లు రాయమన్నారు. షీట్‌లో ఉన్నవి ఒక్క తప్పు లేకుండా రాసిచ్చాను. ‘ఇది షీటే కదమ్మా, కొనేవాళ్లకి ఏం అర్థమవుతుంది?’ అన్నారు. వారంలో మళ్లీ రాసుకుని రమ్మన్నారు. షీట్ జత చేశాను. ఎక్కడ పొరపాటు చేశానో చెప్పండి సార్.

జవాబు: అమ్మా, మీరు పంపిన షీట్ చూశాను. స్వీప్, అంటే రెక్కలు తిరిగే వలయం అడ్డుకొలత, 1200 మిల్లీమీటర్లు, 28 వాట్లు, 350 ఆర్‌పీఎం, గాలి 220 సీఎంఎం, 140 నుంచి 285 వోల్టులు, పవర్ ఫ్యాక్టర్, ఇన్సులేషన్ క్లాస్, రిమోట్, రెండేళ్ల వారంటీ. ఇది ఫ్యాక్టరీ ఇంజనీరు, ఫ్యాన్ సంగతి తెలిసిన డీలరు కోసం రాసుకున్న కాగితం. మీరు ఆ వరుసలనే క్రమం మార్చకుండా దించారు. కొనే మనిషి ఆ క్రమంలో ఆలోచించరు.

ఎలా ఆలోచిస్తారో తెలియాలంటే, రాయడానికి కూర్చునే ముందు ఒక సాయంత్రం మీ కావలి ట్రంకు రోడ్డులోనో నెల్లూరులోనో ఎలక్ట్రికల్ షాపు దగ్గర గంటసేపు నిలబడండి. షాపాయనకి ముందే చెప్పి నిలబడితే ఏమీ అనుకోరు. ‘అన్నా, గాలి బాగా వస్తుందా?’, ‘కరెంటు ఎంత లాగుతుంది?’, ‘ఇన్వర్టర్ మీద ఎంతసేపు తిరుగుతుంది?’, ‘మా ఊళ్లో వోల్టేజీ సరిగా ఉండదు, పనిచేస్తుందా?’ దాదాపు ఈ నాలుగే వినిపిస్తాయి. పవర్ ఫ్యాక్టర్ ఎంతని అడిగే ఇల్లాలు నాకింతవరకు కనపడలేదు. మీ ఐదు పాయింట్లూ ఈ ప్రశ్నలకి జవాబులు కావాలి. జవాబు ముందు రావాలి, దాన్ని నిలబెట్టే షీట్ అంకె వెనక రావాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన 28 వాట్లతో మొదలుపెడదాం. మీరు ‘విద్యుత్ వినియోగం 28 వాట్లు’ అని రాశారు. దాన్ని చూసి ‘అయితే నాకేంటి?’ అని అడగండి. కరెంటు తక్కువ లాగుతుంది. మళ్లీ అడగండి, అయితే ఏంటి? బిల్లు తగ్గుతుంది. ఎంత? ఇక్కడ చాలామంది ‘భారీగా ఆదా’ అని రాసి వదిలేస్తారు. లెక్క వేయడానికి రెండు నిమిషాలు చాలు. మన ఇళ్లలో ఉన్న పాత ఫ్యాన్ సుమారు 75 వాట్లు లాగుతుంది. తేడా 47 వాట్లు. రోజుకి 12 గంటలు తిరిగితే 564 వాట్ అవర్లు, అంటే అర యూనిట్ పైచిలుకు. నెలకి దాదాపు 17 యూనిట్లు. దాన్ని ఇలా రాయండి:

‘నెలకి సుమారు 17 యూనిట్లు మిగులు: 75 వాట్ల పాత ఫ్యాన్ స్థానంలో ఈ 28 వాట్ల ఫ్యాన్‌ని రోజుకి 12 గంటలు వాడితే వచ్చే లెక్క ఇది.’

రూపాయల్లో రాస్తే ఇంకా బాగుంటుంది కదా అనిపిస్తుంది. వద్దు. యూనిట్ ధర ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది, మన దగ్గరే వాడకం పెరిగేకొద్దీ శ్లాబు మారి రేటు మారుతుంది. యూనిట్లు చెబితే ఎవరి బిల్లుతో వాళ్లు గుణించుకుంటారు. ఎన్ని గంటలకి, ఏ ఫ్యాన్‌తో పోల్చి అన్న రెండు ముక్కలూ పాయింటులోనే ఉండాలి. అవి తీసేస్తే మీ 17 యూనిట్లు ఉత్త మాట అయిపోతాయి. ‘కరెంటు బిల్లు సగానికి తగ్గుతుంది’ అని అసలు రాయకండి. తగ్గేది ఒక్క ఫ్యాన్ వాడకం, ఇంటి బిల్లులో ఫ్రిజ్, మోటారు, ఏసీ కూడా ఉంటాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనకి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేసే వీలుంది. మీరు రాసే పాయింటు కూడా ప్రకటనే.

ఇన్వర్టర్ ప్రశ్నకి జవాబు ఇదే వాట్ల నుంచి వస్తుంది, కానీ వలలో పడేది కూడా ఇక్కడే. 75ని 28తో భాగిస్తే రెండున్నర రెట్లు పైన వస్తుంది కాబట్టి ‘ఇన్వర్టర్ మీద మూడు రెట్లు ఎక్కువసేపు’ అని రాయాలనిపిస్తుంది. ఇంట్లో కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద ఫ్యాన్ ఒక్కటే ఉండదు, లైట్లు, టీవీ, వైఫై కూడా నడుస్తుంటాయి. ఇన్వర్టర్ కూడా తన పనికి కొంత తింటుంది. ఈ రెట్లు ఏ ఇంట్లోనూ నిజం కావు. ‘కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ బ్యాటరీ మీద తక్కువ భారం, 28 వాట్లు మాత్రమే’ అంటే చాలు, అది ప్రతి ఇంట్లోనూ నిజం.

ఇప్పుడు గాలి. వాట్లు తక్కువని చెప్పగానే కొనేవాళ్లకి వచ్చే మొదటి అనుమానం ‘గాలి కూడా తక్కువేమో’ అని. మీరు 350 ఆర్‌పీఎం ముందు పెట్టి, 220 సీఎంఎం దాని కింద పెట్టారు. ఆర్‌పీఎం అంటే రెక్క నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందో అంతే. రెక్క వంపు, వెడల్పు సరిగా లేకపోతే జోరుగా తిరిగినా గాలి కిందికి రాదు. నిమిషానికి ఎన్ని ఘనపు మీటర్ల గాలి నెడుతుందో చెప్పేది సీఎంఎం. అనుమానం తీర్చేది ఆ అంకె. 1200 మిల్లీమీటర్లని కూడా అలాగే వదలకండి, షాపులో దాన్ని 48 ఇంచుల ఫ్యాన్ అంటారు.

‘తక్కువ కరెంటు, గాలికి లోటు లేదు: నిమిషానికి 220 ఘనపు మీటర్ల గాలినిచ్చే 48 ఇంచుల ఫ్యాన్. 10కి 12 అడుగుల పడకగదికి ఒక్కటి సరిపోతుంది.’

ఈ పాయింటులో రెండు చోట్ల చెయ్యి జారుతుంది. గది కొలతలతో లెక్కేస్తే 10 అడుగుల ఎత్తున్న ఆ గదిలో పట్టే గాలి దాదాపు 34 ఘనపు మీటర్లు. 220ని దాంతో భాగించి ‘గదిలో గాలిని నిమిషానికి ఆరుసార్లు మారుస్తుంది’ అని రాసినవాళ్లని చూశాను. ఫ్యాన్ బయటి గాలి తేదు, ఉన్న గాలినే తిప్పుతుంది. రెండోది, ‘గదిని చల్లబరుస్తుంది’ అన్న మాట. ఫ్యాన్ ఒంటి మీద చెమట ఆరిపోయేలా చేస్తుంది కాబట్టి మనకి చల్లగా అనిపిస్తుంది, గది వేడి తగ్గదు. రోహిణి కార్తెలో మన నెల్లూరు ఇంట్లో ఆ పాయింటు చదివి కొన్నావిడ, మధ్యాహ్నం మూడింటికి ఏమని రివ్యూ రాస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

వోల్టేజీ వరుసని మీరు చివరన పడేశారు. మన పల్లెల్లో దానికి ఉన్న విలువ తెలిసినవాళ్లు రెండో పాయింటుగానే రాస్తారు. మామూలు ఫ్యాన్‌కి వోల్టేజీ పడితే వేగం పడిపోతుంది. మే నెల రాత్రి ఊరంతా ఏసీలు, కూలర్లు వేసేసరికి ఫ్యాన్ నీరసంగా తిరగడం మీరూ చూసే ఉంటారు. బీఎల్‌డీసీ ఫ్యాన్‌లో వచ్చిన కరెంటుని లోపలి సర్క్యూట్ డీసీగా మార్చి మోటారుకిస్తుంది. అందుకే షీట్‌లో ఇచ్చిన హద్దుల్లో వోల్టేజీ అటూ ఇటూ అయినా వేగం పెద్దగా మారదు. ‘వోల్టేజీ తగ్గినా వేగం పెద్దగా తగ్గదు: 140 వోల్టుల దాకా పడినా దాదాపు ఒకేలా తిరుగుతుంది.’ హద్దు రాయకుండా ‘ఎంత తక్కువ వోల్టేజీ అయినా’ అన్నారో, 110 దగ్గర ఆగిపోయిన ఫ్యాన్ వెనక్కి వస్తుంది.

రిమోట్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ రాత్రి చలేస్తే మంచం దిగకుండా వేగం తగ్గించుకోవచ్చు, ఆ మాట రాయండి. సెల్స్ పెట్టెలో వస్తాయో లేదో సంస్థని అడిగి రాయండి.

మిగిలిన ఒక్క పాయింటు మీ షీట్‌లో కింద చిన్న అక్షరాల్లో ఉంది, మీరు దాన్ని వదిలేశారు: గోడ రెగ్యులేటర్‌తో వాడరాదు. నేను ఈ సలహాల పనిలోకి రాకముందు మూడేళ్లు ఒక సంస్థలో ఇలాంటి లిస్టింగులే రాశాను. ఒక బీఎల్‌డీసీ ఫ్యాన్‌కి ఐదూ గొప్పలే రాసి, ఈ ముక్క అమ్మకం తగ్గిస్తుందేమోనని మానేశాను. నెల తిరక్కుండా వాపసులు మొదలయ్యాయి. ‘జుయ్యిమని శబ్దం’, ‘ఆగి ఆగి తిరుగుతోంది’ అనే కారణాలే ఎక్కువ. ఫ్యాన్లలో లోపమేమీ లేదు. జనం పాత రెగ్యులేటర్ అలాగే ఉంచి, దాన్ని రెండులోనో మూడులోనో పెట్టి, రిమోట్ నొక్కుతున్నారు. రెగ్యులేటర్ తగ్గించి పంపే కరెంటు ఈ సర్క్యూట్‌కి సరిపడదు, అలాగే వాడితే పాడయ్యే అవకాశం కూడా ఉంది. పాయింటు మార్చాక ఆ రకం ఫిర్యాదులు బాగా తగ్గాయి. ఆ వాపసులకి కారణం నా పాయింట్లేనని ఈరోజుకీ గుర్తుంటుంది. మీరిలా రాయండి:

‘బిగించే ముందు: పాత గోడ రెగ్యులేటర్ తీయించి మామూలు స్విచ్‌కి కలపండి. వేగం రిమోట్‌తోనే మార్చుకోవాలి.’

ఇది లాభం చెప్పే పాయింటు కాదనిపించవచ్చు. కొన్నాక తలనొప్పి లేకుండా చేసేది కూడా లాభమే, టెస్టు పెట్టినవాళ్లు చూసేది కూడా దీన్నే అని నా నమ్మకం.

పవర్ ఫ్యాక్టర్, ఇన్సులేషన్ క్లాస్, ఆర్‌పీఎం పాయింట్లలోకి రానక్కర్లేదు. కింద స్పెసిఫికేషన్ల పట్టికలో ఉంటే చాలు, తెలిసినవాళ్లు అక్కడ చూసుకుంటారు. షీట్‌లో శబ్దం డెసిబెల్స్‌లో ఇవ్వలేదు కాబట్టి ‘నిశ్శబ్దంగా తిరుగుతుంది’ అని మీ అంతట మీరు చేర్చకండి. స్టార్ రేటింగ్ వరుస కూడా మీ షీట్‌లో లేదు. సీలింగ్ ఫ్యాన్లకి 2023 జనవరి నుంచి స్టార్ లేబుల్ తప్పనిసరి, కాబట్టి పెట్టె మీద ఉండి తీరాలి. ఫొటో అడిగి ఎన్ని స్టార్లో చూసి రాయండి.

లిస్టింగ్ ఇంగ్లిష్‌లో కావాలన్నా ముందు తెలుగులోనే, మీ పిన్నికి ఫోన్‌లో చెబుతున్నట్టు రాసుకోండి. ఆమె ‘అంటే?’ అని అడిగే చోట పాయింటు ఇంకా షీట్ భాషలోనే ఉందని అర్థం. ఆ తర్వాత ఇంగ్లిష్‌లోకి తీసుకెళ్లండి. ఫోన్‌లో కొనేవాళ్లు మొదటి రెండు మూడు లైన్లకి మించి చదవరు కాబట్టి క్రమం ఇలా ఉంచండి: యూనిట్లు, వోల్టేజీ, గాలి, రెగ్యులేటర్, చివరికి రిమోట్. ఇన్వర్టర్ మాటని యూనిట్ల పాయింటులోనే కలిపేయవచ్చు.

వెళ్లేటప్పుడు ఐదు పాయింట్ల కాగితంతోపాటు ఇంకో కాగితం తీసుకెళ్లండి. అందులో ప్రతి పాయింటు ఎదురుగా అది షీట్‌లో ఏ వరుస నుంచి వచ్చిందో, 17 యూనిట్ల లెక్క ఎలా వేశారో రాయండి. కింద మూడు ప్రశ్నలు పెట్టండి: రెండేళ్ల వారంటీలో మనిషి ఇంటికొచ్చి బాగుచేస్తాడా లేక మనమే సర్వీస్ సెంటర్‌కి మోసుకెళ్లాలా, సెల్స్ పెట్టెలో ఉన్నాయా, పెట్టె మీద ఎన్ని స్టార్లు.