కంపెనీ కోస్తోంది, ఫ్లాట్ ఓనర్ కోయడం లేదు... ఎందుకీ తేడా?

"నేను ఇంటీరియర్ డిజైనర్‌ని సార్. మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఆఫీసుల పని చేస్తే కంపెనీలు బిల్లులో 10 శాతం కోసుకుని మిగతాది ఇస్తున్నాయి. మణికొండ, నార్సింగి ఫ్లాట్ల వాళ్లు మాత్రం మొత్తం ఇచ్చేస్తారు. 2025-26లో కంపెనీల నుంచి 15 లక్షలు, ఫ్లాట్ల నుంచి 30 లక్షలు వచ్చాయి. జులైలో రిటర్న్ వేయబోతే 1,23,000 పన్ను, దాని మీద 6,150 వడ్డీ కట్టాలన్నారు మా ఆడిటర్. కిందా మీదా పడి కట్టాను. పన్ను ఎలాగూ నేనే కడతాను కదా, కంపెనీలను కోయొద్దని అడగొచ్చా? అసలు నా మీద ఈ అనుమానం ఎందుకు?"
– ఒక పాఠకురాలు, మణికొండ

అడగొచ్చు, కానీ అకౌంట్స్ మేనేజర్ ఒప్పుకోరు. ఒప్పుకుంటే నష్టం వాళ్లకే. మీకు 5 లక్షల బిల్లు టీడీఎస్ కోయకుండా ఇచ్చారనుకోండి. ఆ ఖర్చులో 30 శాతం, అంటే లక్షన్నర, కంపెనీ లెక్కలో ఖర్చుగా చెల్లదు. అంతమేర లాభం పెరిగినట్టు లెక్క. 22 శాతం రేటు ఎంచుకున్న కంపెనీ అయితే సర్‌చార్జి, సెస్సు కలిపి దాదాపు 37,750 రూపాయల అదనపు పన్ను పడుతుంది. కోయాల్సింది కోయనందుకు నెలకు 1 శాతం వడ్డీ కూడా కట్టాలి. మీరు రిటర్న్ వేసి పన్ను కట్టేశారని సీఏ చేత సర్టిఫికెట్ ఇప్పించి బయటపడే దారి ఉంది గానీ, మీ కోసం అంత తలనొప్పి ఎవరు పెట్టుకుంటారు?

మీరడిగిన 'అనుమానం' ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. ఇది మీ నిజాయితీకి సంబంధించిన సంగతి కాదు. మీరు ఎలాంటి మనిషైనా పన్ను వసూలయ్యేలా అల్లిన ఏర్పాటు. కంపెనీకి మీ బిల్లు దాచడం వల్ల వచ్చే లాభం ఏమీ లేదు. దాన్ని ఖర్చుగా చూపించుకుంటేనే దాని పన్ను తగ్గుతుంది. అలా చూపించుకోవాలంటే పన్ను కోయాలి, ఆ కోత వివరాలతో పాటే మీ పాన్ నంబరు, మీకు ఇచ్చిన మొత్తం ప్రభుత్వానికి తెలిసిపోతాయి. మీరు దాచాలనుకున్నా అవతలివాళ్లు మీతో కలిసి రారు.

అదే ఫ్లాట్ ఓనర్ సంగతి చూడండి. ఇంట్లో ఫాల్స్ సీలింగ్, వార్డ్‌రోబ్‌ల కోసం పెట్టిన డబ్బును ఆయన ఏటా వేసే పన్ను లెక్కలో ఖర్చుగా చూపించుకోలేరు. మీ బిల్లు వల్ల ఆయనకు ఒరిగేది లేదు, పైగా జీఎస్టీ భారం. అందుకే "క్యాష్ ఇస్తాను మేడమ్, బిల్లు లేకుండా కాస్త తగ్గించండి" అనే మాట మీరు కచ్చితంగా విని ఉంటారు. ఇక్కడ ఇచ్చేవాళ్లకూ పుచ్చుకునేవాళ్లకూ దాచడంలోనే లాభం. పన్ను ఎగవేత మొలకెత్తేది సరిగ్గా ఇక్కడే.

ఈ తేడా ఎంత పెద్దదో డెన్మార్క్‌లో లెక్క తీశారు. 40 వేల మందికి పైగా పన్ను చెల్లింపుదారులను ఎంచుకుని చేసిన ఆ పరిశీలన ఫలితాలు 2011లో వచ్చాయి. యజమాని, బ్యాంకు వంటి మూడో వ్యక్తి నేరుగా ప్రభుత్వానికి తెలియజేసే ఆదాయంలో ఎగవేత 1 శాతం కూడా లేదు. ఎవరికి వారు చెప్పుకోవాల్సిన ఆదాయంలో అది 40 శాతం దాటింది. రెండు చోట్లా ఉన్నది అదే దేశం, అదే మనుషులు. చాలామందికి రెండు రకాల ఆదాయమూ ఉంది. ఒక చేత్తో నిజాయితీగా, ఇంకో చేత్తో వేరేగా నడుచుకున్నారన్నమాట.

అయితే ఇందులో కోత పాత్ర ఎంత, సమాచారం పాత్ర ఎంత? అమెరికా ఆదాయపు పన్ను శాఖ అంచనాలు దీన్ని విడదీసి చూపిస్తాయి. జీతంలా పన్ను కోసి, వివరం కూడా పంపే ఆదాయంలో తక్కువ చేసి చూపించేది సుమారు 1 శాతం. కోత లేకుండా పూర్తి వివరం మాత్రం పంపితే సుమారు 6 శాతం. వివరమే పంపని ఆదాయంలో సగానికి పైగా, దాదాపు 55 శాతం. అంటే పని చేసేది ప్రధానంగా అవతలి మనిషి పంపే వివరమే. మరి కోత దేనికి? మీ 1,23,000 కోసం. మీరేమీ దాచలేదు, అంతా చూపించారు. అయినా కట్టాల్సిన రోజుకు చేతిలో డబ్బు లేదు. కట్టే ఉద్దేశం లేకపోవడం వేరు, కట్టడానికి డబ్బు మిగలకపోవడం వేరు. వివరం పంపితే మొదటిది ఆగుతుంది, కోత ఉంటేనే రెండోది ఆగుతుంది.

ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. బ్రిటన్‌లో 1799లో ప్రధాని పిట్ ఆదాయపు పన్ను తెచ్చినప్పుడు గరిష్ఠ రేటు 10 శాతం, ఎవరి లెక్క వాళ్లే చెప్పాలి. రాబడి అనుకున్నంత రాలేదు. 1803లో అప్పటి ప్రధాని ఆడింగ్టన్ రేటును సగానికి, 5 శాతానికి దించి, అద్దెలు, వడ్డీలు వంటి చాలా చెల్లింపుల దగ్గరే పన్ను కోసుకునే పద్ధతి పెట్టాడు. సగం రేటుతోనే ఇంచుమించు అంతే రాబడి వచ్చింది.

మరి ఫ్లాట్ ఓనర్ చేత కూడా కోయించొచ్చు కదా అంటారేమో. ఇంటి అవసరాల కోసం ఇచ్చే ఫీజు మీద, ఒకే మనిషికి ఏడాదిలో 50 లక్షలు దాటితే తప్ప, ఆ బాధ్యత లేదు. ఉండకపోవడమే మంచిదని నా అభిప్రాయం. కంపెనీకి అకౌంటెంట్ ఉంటాడు, నెలనెలా 7వ తేదీలోపు పన్ను జమ చేసి మూడు నెలలకోసారి వివరాలు పంపుతాడు. అలాంటి ఒక్క అకౌంటెంట్ చేతిలో వందలమందికి ఇచ్చిన చెల్లింపులు ఉంటాయి. మీకు పని ఇచ్చిన ప్రతి ఇంటి చేతా ఇదంతా చేయించాలంటే వచ్చే పన్ను కన్నా పెట్టే బాధ ఎక్కువ. అందుకే పెద్ద మొత్తాలున్న చోట మాత్రమే ఇళ్లవాళ్ల మీద ఈ పని పెట్టారు: 50 లక్షలు, ఆపైన పెట్టి ఇల్లు కొన్నా, నెలకు 50 వేలు దాటి అద్దె కట్టినా.

ఇప్పుడు మీ లెక్క. అంకెలన్నీ జీఎస్టీ కలపకుండానే. మొత్తం రాబడి 45 లక్షలు. రాబడిలో సగాన్నే ఆదాయంగా చూపించుకోనిచ్చే 44ఏడీఏ సెక్షన్ జాబితాలో ఇంటీరియర్ డెకరేషన్ ఉంది కాబట్టి అందులో సగం, 22.5 లక్షలు ఆదాయంగా చూపించారు (అసలు మిగులు అంతకంటే ఎక్కువైతే ఎక్కువే చూపించాలి). కొత్త పన్ను విధానంలో దాని మీద పన్ను 2,62,500. సెస్సు 10,500 కలిపితే 2,73,000. కంపెనీలు కోసింది 1,50,000. మిగిలింది 1,23,000. 44ఏడీఏలో ఉన్నవాళ్లు అడ్వాన్స్ ట్యాక్స్ నాలుగు వాయిదాల్లో కట్టనక్కర్లేదు గానీ, మార్చి 15కల్లా మొత్తం కట్టేయాలి. మీరు కట్టలేదు. అందుకు ఒక శాతం, 1,230. ఆ తర్వాత ఏప్రిల్ నుంచి జులై వరకు నాలుగు నెలలకు నెలకు ఒక శాతం చొప్పున 4,920. అవే మీ 6,150. మీరు కోరినట్టు కంపెనీలు కూడా కోయకుండా ఉండి ఉంటే జులైలో మీ ముందు నిలబడేది 2,73,000 పన్ను, 13,650 వడ్డీ.

కాబట్టి ఫ్లాట్ల డబ్బుకు మీరే కంపెనీ అకౌంటెంట్ అవ్వండి. మీ మొత్తం పన్ను మీ మొత్తం రాబడిలో సుమారు 6 శాతం. ఫ్లాట్ ఓనర్ దగ్గర్నుంచి డబ్బు పడ్డ రోజే అందులో 6 శాతం వేరే బ్యాంకు ఖాతాకు పంపేయండి. ఆ ఖాతాకు డెబిట్ కార్డు వద్దు, యూపీఐ కూడా లింక్ చేయొద్దు. 30 లక్షల మీద 1,80,000 పోగవుతుంది. పోయినేడాది లెక్కనే అయితే అంత అక్కర్లేదు, 4 శాతం పైచిలుకు చాలు. కానీ పని పెరిగితే పెరిగిన ఆదాయం 25, 30 శాతం శ్లాబుల్లో పడుతుంది, ఆ మిగులు అప్పుడు అక్కరకొస్తుంది. మార్చి మొదటివారంలో ఆడిటర్‌తో ఒకసారి లెక్క చూసుకుని 15లోపు కట్టేయండి.

తక్కువ కోయమని ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకునే వీలు కూడా ఉంది. అది మీకు రాదు, ఎందుకంటే కోసినదాని కన్నా మీ పన్నే ఎక్కువ. అది ఎవరికి పనికొస్తుందంటే, మీలాంటి పనే చేస్తూ కంపెనీల నుంచి మాత్రమే 20 లక్షలు తెచ్చుకునేవాళ్లకు. వాళ్ల ఆదాయం 10 లక్షలు, రిబేటు పోను పన్ను సున్నా. అయినా 2 లక్షలు కోత పడుతుంది, రిటర్న్ వేసి రీఫండ్ వచ్చేదాకా ఆ డబ్బు ప్రభుత్వం దగ్గరే. ఖర్చులు చూడకుండా బిల్లు మీద కోసే పద్ధతిలో ఉన్న లోపం ఇది. నిజంగా ఫిర్యాదు చేయాల్సింది వాళ్లు.

ఇంకో లోపం మీకూ తగలొచ్చు. కంపెనీ 2 లక్షల బిల్లుకు 1,80,000 ఇచ్చి, ఆ 20 వేలు జమ చేయకపోవచ్చు, లేదా జమ చేసినా మీ పాన్ తప్పుగా రాయొచ్చు. అప్పుడు మీ పాన్ మీద జమైన పన్నును చూపించే 26ఏఎస్‌లో అది కనిపించదు. కనిపించకపోతే వెంటనే టెన్షన్ పడకండి. అక్టోబరు–డిసెంబరు వివరాలు పంపడానికి కంపెనీకి జనవరి 31 వరకు గడువుంది, జనవరి–మార్చి వివరాలకు మే 31 వరకు. అందుకే జూన్ 15 దాటాక, కోతకు కంపెనీలు ఇచ్చే సర్టిఫికెట్లు, అంటే ఫారం 16ఏలు చేతికొచ్చాక, మీ బిల్లులతో ఒక్కొక్కటీ సరిచూసుకుని రిటర్న్ వేయండి. అప్పటికీ లేకపోతే ముందు కంపెనీకి మెయిల్ పెట్టండి. కోసిన పన్నును మళ్లీ మీ దగ్గర వసూలు చేయకూడదని చట్టం చెబుతోంది. కానీ కోశారని చూపించాల్సింది మీరే. కోత రాసి ఉన్న చెల్లింపు వివరం, బిల్లు, 1,80,000 పడ్డ బ్యాంకు స్టేట్‌మెంట్, ఈ మూడూ దాచుకోండి. ఇంకో చిన్న సంగతి: బిల్లులో జీఎస్టీ విడిగా చూపిస్తే కోత ఫీజు మీదే పడాలి. కొందరు మొత్తం మీద కోసేస్తున్నారు, చూసుకోండి.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది కాబట్టి ఈ ఏడాది పనికి సంబంధించిన కాగితాల మీద మీలాంటివాళ్ల ఫీజు కోతకు వాడిన పాత సెక్షన్ 194జె నంబరు కనిపించదు, కోత మాత్రం అలాగే ఉంటుంది.