ఫీల్డ్‌వర్క్ కథలో మనసు మారడం కృత్రిమంగా ఉంటోంది, ఎలా సరిచేయాలి?

ప్రశ్న: ఎం.ఏ. ఆంత్రొపాలజీ చదివే అమ్మాయి గిరిజన గూడెంలో ఫీల్డ్‌వర్క్‌కి వెళ్ళి, అక్కడివాళ్ళ గురించి తను అనుకున్నవన్నీ సరైనవేనా అని సందేహంలో పడే చిన్న కథ రాస్తున్నాను. చివర్లో ఒక ముసలాయన చెప్పిన మాటతో ఆమె మారిపోతుంది. చదివినవాళ్ళు నమ్మడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ముసలాయన్ని తీసేయండి. గూడెం మనుషులు చదువుకున్న అమ్మాయికి కళ్ళు తెరిపించడానికే ఉన్నట్టు రాస్తే వాళ్ళకూ అన్యాయమే. ఆమె చేతిలో సర్వే ఫారం ఉంటుంది కదా, అందులో లెక్క కుదరకుండా చేయండి చాలు.

మారేడుమిల్లి వైపు కొండరెడ్ల గూడెం ఒకటి అనుకుందాం. వాళ్ళు మాట్లాడేది తెలుగే కాబట్టి మధ్యలో దుబాసీ అక్కర్లేదు. అన్నీ అర్థమవుతున్నాయన్న ధీమా ఆమెకు మొదటి రోజే వచ్చేస్తుంది, కథకు అది బాగా పనికొస్తుంది.

ఫారంలో మూడు గళ్ళు పెట్టండి: భూమి ఎన్ని ఎకరాలు, ప్రధాన పంట ఏది, ఎకరాకు దిగుబడి ఎంత. పల్లపు వరిచేనుకి సరిపోయే ప్రశ్నలివి. పోడు దగ్గర మూడూ పనికిరావు. చలికాలం వెళ్ళేటప్పుడు కొండవాలు మీద పొదలూ చెట్లూ కొడతారు. మామిడి, ఇప్ప, చింత, జీలుగు లాంటివి ఉంచేస్తారు. కొట్టినవి ఎండాక, వానలకు ముందు తగలబెట్టి, తొలకరికి ఆ బూడిదలోనే సామ, చోడి, జొన్న, కంది కలిపి వేస్తారు. అన్నిటికంటే ముందు సామ చేతికొస్తుంది. కంది కోతకొచ్చేసరికి సంక్రాంతి దాటిపోతుంది.

అందుకని ఆమెను అక్టోబరులో పంపండి. సామ ఇంటికొచ్చి తిండికి వాడుకుంటూ ఉంటారు, కంది ఇంకా చేలోనే ఉంటుంది. ప్రధాన పంట గడిలో ఆమె ‘సామ’ అని రాస్తుంది, కంది ఎదురుగా సున్నా వేస్తుంది. వచ్చిన దిగుబడి చూసి, ఇంత తక్కువకి ఇంత అడవి కొట్టాలా అని నోట్సులో రాసుకుంటుంది. ఆ వాక్యం కథలో అలాగే ఉండనివ్వండి, పాఠకుడు కూడా కాసేపు ఆమెతో ఏకీభవించాలి.

ఎకరాల గడి ఇంకా మంచిది. చాలా పోడు భూములు రిజర్వు అడవిలో ఉంటాయి. కొత్త మనిషి కాగితం పట్టుకుని ఎంత సాగు చేస్తున్నారని అడిగితే, అటవీశాఖ మనిషేమోనని తగ్గించి చెబుతారు. పట్టా ఇస్తారేమోనన్న ఆశ ఉంటే అదే ఇల్లు పెంచి చెబుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గిరిజన కుటుంబానికి 2005 డిసెంబరు 13కి ముందు నుంచి సాగులో ఉన్న భూమి మీద, గరిష్ఠంగా 4 హెక్టార్ల వరకు, హక్కు వస్తుంది. కాబట్టి ఆ అంకె వాళ్ళ బతుకుదెరువుకు సంబంధించినది. మొదటిసారి ఎకరం అన్న ఇల్లే మళ్ళీ అడిగితే నాలుగు అంటుంది. ఆమెకు మొదట వచ్చే ఆలోచన ‘వీళ్ళు అబద్ధాలు చెబుతున్నారు’. తననెవరనుకుని చెబుతున్నారన్న ప్రశ్న తర్వాత వస్తుంది. మీ కథ మలుపు అక్కడ ఉంది.

దాన్ని ఒక చిన్న సన్నివేశంలో చూపించవచ్చు. పొయ్యి మీది అటక నుంచి ఇంటావిడ విత్తనాల ఆనపబుర్ర దించుతుంది. పొగ తగిలి బుర్ర నల్లబడి ఉంటుంది, పురుగు పట్టకుండా విత్తనాల్లో బూడిద కలిపి ఉంటుంది.

“ఎకరాలు నాకేం తెలుసమ్మా. సామ రెండడ్డలు చల్లాం, కంది ఒక తవ్వ.”

“మరి నిన్న నాలుగెకరాలన్నారు కదా పెద్దమ్మా?”

“నువ్వు పట్టాలకి రాసుకుంటున్నావనుకున్నాం.”

ఇంతకంటే ఆవిడతో ఏమీ చెప్పించకండి. వాలు మీద, కలిపి చల్లిన చేనుకి విత్తనం కొలతను బట్టి ఎకరాలు కచ్చితంగా తేలవు. కాకపోతే ఏ ఇల్లు ఎక్కువ వేసింది, ఏది తక్కువ అన్నది తెలుస్తుంది. ఆమె సర్వేకి అది అసలు ఆధారం.

ఇక్కడ చాలా కథలు జారిపడతాయి. ముందు పోడు చెడ్డదనుకున్న అమ్మాయి, తర్వాత పోడంతా మంచిదే అనుకుంటుంది. ఆ తప్పు చేయనివ్వకండి. రెండు వాలులు పక్కపక్కన చూపించండి. చాలా ఏళ్ళు బీడు వదిలిన చోట పాత మోడుల నుంచి లేచిన పిలకలు తొడంత లావెక్కి ఉంటాయి, కొట్టి కాలిస్తే బూడిద దండిగా వస్తుంది. మూడు నాలుగేళ్ళకే తిరిగొచ్చిన చోట బొటనవేలంత పుల్లలూ గడ్డీ తప్ప ఉండవు, బూడిద చాలదు, పైరు కంటే కలుపు ముందు లేస్తుంది. కొందరు వాలు మీద జీడిమామిడి పెట్టేసి, డబ్బు చూసుకుని, తిండికి రేషన్ బియ్యం మీద ఆధారపడుతుంటారు. గూడెంలో అందరిదీ ఒకే మాట కాదని అప్పుడు తెలుస్తుంది. ‘వీళ్ళు’ అని మొదలయ్యే వాక్యాలు ఆమె నోట్సులో తగ్గుతూ రావాలి, కథలో మార్పుకు కొలత అదే.

ముగింపుకి ఆమెను గైడు ముందు కూర్చోబెట్టండి. ‘ప్రధాన పంట’ గడి అన్ని ఫారాల్లోనూ నింపి ఉండాలి, లేకపోతే పట్టికలు రావంటారు. ఖాళీగా ఇస్తుందా, సామ అనే ఉంచుతుందా, కంది కోత దాకా గడువు అడుగుతుందా అన్నది మీ పాత్రను బట్టి తేల్చుకోండి. నన్నడిగితే గడువు అడిగిస్తాను, దొరుకుతుందో లేదో చెప్పకుండా కథ అక్కడే ఆపుతాను.