మాట తప్పే స్నేహితురాలికి నోటీసు: నేను ఎలా రాశాను

ప్రశ్న: మా స్నేహితుడు వస్తానని చెప్పి ప్రతిసారీ చివరి నిమిషంలో మానుకుంటాడు. గొడవ పడాలని లేదు. సరదాగా లాయరు నోటీసులాంటిది రాసి పంపుదామనుకుంటున్నాను. మీలో ఎవరైనా పంపారా? నిజమైన నోటీసులా ఉండాలంటే ఎలా రాయాలి?

జవాబు:

నేను నెల్లూరులో న్యాయవాదిని. అప్పు నోటీసులు, అద్దె నోటీసులు, చెక్కు నోటీసులు రాయడం నా రోజువారీ పని. కావలిలో ఉండే నా చిన్ననాటి స్నేహితురాలికి మీరడిగినలాంటి నోటీసే పంపాను. ఆఫీసు పనికి ఎంత శ్రద్ధ పెడతానో దానికీ అంతే పెట్టాను. ఆ శ్రద్ధ వల్లే అది పనిచేసిందని నా నమ్మకం.

ముందుగా చట్టం సంగతి. స్నేహితులు "ఆదివారం మైపాడు బీచికి వెళదాం" అనుకుంటే అది కోర్టులో నిలిచే ఒప్పందం కాదు. 1919లో ఇంగ్లండులో బాల్ఫోర్ దంపతుల కేసు తీర్పు వచ్చింది. సిలోనులో ఉద్యోగం చేసే భర్త, ఇంగ్లండులో ఉండిపోయిన భార్యకు నెలకు 30 పౌండ్లు ఇస్తానని మాట ఇచ్చాడు. ఆ మాట ఒప్పందం కిందికి రాదని అప్పీలు కోర్టు తేల్చింది. ఆ తీర్పులో న్యాయమూర్తి అట్కిన్ చెప్పిన ఉదాహరణ మన విషయానికి సరిగ్గా సరిపోతుంది. ఇద్దరు కలిసి నడకకు వెళదామనుకున్నా, ఒకరు ఆతిథ్యానికి పిలిస్తే మరొకరు సరేనన్నా అవి చట్టం దృష్టిలో ఒప్పందాలు కావని ఆయన అన్నాడు. మన 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం కూడా, 25వ సెక్షన్‌లోని కొద్ది మినహాయింపులు తప్పిస్తే, ప్రతిఫలం లేని ఒప్పందం చెల్లదు. కాబట్టి కోర్టుకు లాగుతానని మీ నోటీసులో రాయకండి. చేయలేని పనిని నోటీసులో రాస్తే చదివినవారు మిగతా నోటీసునూ నమ్మరు.

ఇక రాయవలసినది. "నువ్వెప్పుడూ ఇంతే", "నీకు మేమంటే లెక్క లేదు" వంటి మాటలు నోటీసుకు పనికిరావు. మా వృత్తిలో ఒక పరీక్ష ఉంది. ప్రతి పేరాకూ అవతలివారు "నిజం" అనో "నిజం కాదు" అనో జవాబివ్వగలగాలి. "లెక్క లేదు" అన్న మాటకు ఎవరైనా ఏమని జవాబిస్తారు? గొడవ పడతారు, అంతే. "ఫలానా తేదీ ఉదయం 6 గంటలకు బస్టాండులో కలుద్దామని మీరు చెప్పారు, 5.40కి రాలేనని సందేశం పంపారు" అని రాస్తే కాదనడానికి వీలుండదు, కోపం తెచ్చుకోవడానికీ ఏమీ ఉండదు. ఫోనులో పాత సందేశాలు వెతికి తేదీలు పట్టుకోండి. ఆ పనికే ఎక్కువ సమయం పడుతుంది.

దొరికిన సంఘటనలన్నీ రాయవద్దు. తేదీ తప్పితే మళ్లీ దొరకనివి ఏరుకోండి. కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్‌లో ఈ తేడా ఉంది. గడువే ప్రాణమైన ఒప్పందంలో తేదీ దాటితే అవతలివారు ఒప్పందాన్నే రద్దు చేసుకోవచ్చు. గడువు అంత ముఖ్యం కానిచోట నష్టపరిహారం మాత్రమే అడగవచ్చు. మైపాడు సముద్రం ఈ ఆదివారం కాకపోతే వచ్చే ఆదివారం ఉంటుంది. కందుకూరు దగ్గరి మాలకొండ నరసింహస్వామి ఆలయం అలా కాదు, శనివారం మాత్రమే తెరుస్తారు. ఒక శనివారం తప్పితే వారం ఆగాలి. మన రొట్టెల పండుగ ఇంకా కఠినం. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువు గట్టున ఏడాదికి ఒక్కసారే జరుగుతుంది. నా స్నేహితురాలు అంతకు ముందు ఏడాది అక్కడ ఉద్యోగం కావాలని కోరుకుని ఉద్యోగ రొట్టె పట్టుకుంది. ఉద్యోగం వచ్చింది. కోరిక తీరినవారు మరుసటి ఏడాది వచ్చి, అదే కోరికతో నిలబడినవారికి రొట్టె ఇవ్వాలి. ఆ రోజునే ఆమె రాలేదు. నాకు నిజంగా బాధ కలిగించింది అదే. అందుకే నోటీసులో మైపాడును వదిలేసి, ఆమె రాని మాలకొండ ప్రయాణం, రొట్టెల పండుగ, ఈ రెండే రాశాను.

అసలు చిక్కు "ఫర్వాలేదు" అన్న మాట దగ్గర వస్తుంది. స్నేహితులు మానుకున్న ప్రతిసారీ మనం ఆ మాట అంటాం, అనాలి కూడా. కానీ గడువు దాటినా ఊరుకుంటూ వస్తే, ఆ గడువును మనమే ముఖ్యం కానిదిగా చేసినట్లవుతుంది. స్థలాల అమ్మకం ఒప్పందాల్లో ఇది తరచుగా చూస్తాం. కొనేవారు వాయిదాలు దాటిస్తుంటారు, అమ్మేవారు సర్దుకుపోతుంటారు, చివరికి ఒకరోజు ఒక్కసారిగా రద్దు అంటే చెల్లదు. ముందుగా సమంజసమైన గడువు ఇచ్చి, ఈ తేదీ ఇక దాటకూడదని రాతపూర్వకంగా తెలియజేయాలి. స్నేహంలో ఇలాంటి నోటీసు చేయగలిగిన మేలు కూడా ఇదే. ఇంతవరకూ సర్దుకున్నది నిజమని ఒప్పుకుంటుంది, ఇకపై తేదీకి విలువ ఉందని చెబుతుంది. మీ నోటీసులో ఒక్క పేరాయే ఉండాలంటే ఈ పేరా ఉంచండి.

నష్టం గురించి కూడా నిజమే రాయాలి. 73వ సెక్షన్ ప్రకారం మాట తప్పడం వల్ల సహజంగా కలిగిన నష్టమే అడగవచ్చు, దూరపు నష్టాలు అడగరాదు. ఆ నష్టాన్ని తగ్గించుకునే మార్గం మనకు ఉందేమో కూడా లెక్కలోకి వస్తుంది. మాలకొండ వెళ్లవలసిన రోజుకని మా అమ్మ ముందురోజే మామిడికాయ వేసి చేపల పులుసు వండింది. స్నేహితురాలు రాలేదు. నెల్లూరు పులుసు మర్నాటికే ఇంకా బాగుంటుంది, ఇంటిల్లిపాదీ తిన్నాం. కాబట్టి పులుసును నష్టం కింద చూపలేదు. ఆమె కోసం కొన్న బస్సు టిక్కెట్టు మాత్రం చూపాను.

నా నోటీసులోని ముఖ్య భాగం ఇది. భాష కోర్టు వాడుకలోదే ఉంచాను, ఎందుకంటే ఆ గాంభీర్యమే చదివేవారి ముఖాన నవ్వు తెస్తుంది.

నెల్లూరు మూలాపేట కాపురస్తురాలైన నేను, కావలి కాపురస్తురాలైన నా స్నేహితురాలగు మీకు స్వయముగా ఇచ్చు నోటీసు ఏమనగా:

1. మనము ఆరవ తరగతి నుండి స్నేహితులము. ఈ విషయములో వివాదము లేదు.

2. మాలకొండకు బయలుదేరుటకు నిశ్చయించిన శనివారము ఉదయము మీరు రాలేనని తెలిపియున్నారు. కారణము తెలుపలేదు. అందువలన మీ బస్సు టిక్కెట్టు వృథా అయినది.

3. ఉద్యోగ రొట్టె పట్టుకొని, ఉద్యోగము పొందియుండియు, మరుసటి రొట్టెల పండుగకు వచ్చి రొట్టె ఇవ్వవలసిన మీరు రాలేదు. ఆ రొట్టె కొరకు ఎదురుచూచువారు ఉందురని మీకు తెలియును.

4. పై సందర్భములలో నేను "ఫర్వాలేదు" అనిన మాట వాస్తవము. అది ఆయా రోజులకు మాత్రమే వర్తించును. మీతో కలిసి తిరుగు నా హక్కును నేను వదులుకొనలేదు.

5. కావున ఈ నోటీసు అందిన 15 రోజులలోగా మాలకొండకు ఒక శనివారమును మీరే నిర్ణయించి తెలియజేయవలెను, లేదా రాలేని కారణము నిజముగా తెలియజేయవలెను. అట్లు చేయనిచో నేను మీ కొరకు ఆగక బయలుదేరుదును, తిరిగి వచ్చి విశేషములన్నియు మీకు వివరముగా చెప్పుదును.

ఐదవ పేరాలో రెండు దారులున్నాయని గమనించండి. ఒకే కోరిక పెడితే అవతలివారు మళ్లీ "సరే వస్తాను" అంటారు, మళ్లీ మానుకుంటారు. కారణం చెప్పడమూ గడువు పాటించినట్లే అవుతుందని రాస్తే నిజం చెప్పడానికి వారికి చోటు దొరుకుతుంది. స్నేహం తెంచుకుంటానని మాత్రం ఎన్నడూ రాయకండి. అంత మాట రాసి ఆ తరువాత నవ్వుకోవడం ఎవరివల్లా కాదు.

నాకు పేరాల వారీగా జవాబు నోటీసు వచ్చింది. "పేరా 1 నిజము. పేరా 2 నిజము, టిక్కెట్టు డబ్బు చెల్లించుటకు సిద్ధముగా ఉన్నాను. కారణము తెలుపకపోవుట కూడ నిజము. కారణమేమనగా, మా దుకాణములో వారపు సెలవు ఎవరికి ఎప్పుడో శుక్రవారము రాత్రి గాని చెప్పరు. తెలియదని చెప్పినచో మీరు చిన్నబుచ్చుకొందురని వచ్చెదనని చెప్పుచుంటిని." ఇన్నాళ్లూ ఫోనులో ఎంత మాట్లాడుకున్నా బయటపడని విషయం, నిజమో కాదో రాయమని అడిగేసరికి బయటపడింది.

ఆ తరువాత ఒప్పందం తేలికైంది. ఎక్కడికి వెళ్లాలో ముందే అనుకుంటాం, బయలుదేరడం మాత్రం శుక్రవారం రాత్రి ఆమె ఫోను చేశాకే ఖాయమవుతుంది. ముందుగా టిక్కెట్లు కొనం. రొట్టెల పండుగకు మాత్రం ఆమె నెల ముందే సెలవు అడిగి పెట్టుకోవాలి. మాలకొండకు వెళ్లాం. తరువాతి మొహర్రంలో చెరువు గట్టున ఆమె తన రొట్టె ఇచ్చింది, డిగ్రీ పూర్తిచేసిన ఒక అమ్మాయి అందుకుంది.

అయితే స్నేహితుడు మానుకోవడానికి అనారోగ్యమో, చేతిలో డబ్బు లేకపోవడమో కారణమని మీకు ఏమాత్రం అనుమానం ఉన్నా ఈ నోటీసు వద్దు. నేరుగా వెళ్లి కూర్చుని మాట్లాడండి. రాతలో అడిగితే అటువంటి సంగతులు గుచ్చుకుంటాయి.

పంపే పద్ధతిలోనూ జాగ్రత్త కావాలి. నేను న్యాయవాదినైనా నా ఆఫీసు లెటర్‌హెడ్డు వాడలేదు, తెల్లకాగితం మీద స్నేహితురాలిగానే సంతకం చేశాను. మామూలు నోటీసు ఎవరైనా స్వయంగా ఇవ్వవచ్చు, లాయరు పేరు అక్కరలేదు. లేని లాయరు పేరు, కోర్టు ముద్ర, స్టాంపు కాగితం వాడకండి. మూడు సింహాల చిహ్నం అసలే వద్దు, దాని దుర్వినియోగాన్ని నిషేధిస్తూ 2005లో చట్టమే వచ్చింది. పోస్టులో కూడా పంపవద్దు. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, కానీ సంతకం పెట్టించుకుని ఇచ్చే కవరంటే మన ఇళ్లలో భయం పోలేదు. మీ స్నేహితుడు ఇంట్లో లేనప్పుడు వాళ్ల నాన్నగారు ఆ కవరు విప్పి "నోటీసు ఏమనగా" అన్న మాట చదివితే ఆయన పరిస్థితి ఆలోచించండి. మీ చేతులతోనే ఇవ్వండి, అడుగున "అందినది" అని సంతకం చేయించుకుని ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి.