పీఎల్ఎల్ లాక్ అయ్యాక కూడా ఫేజ్ ఎర్రర్ ఎందుకు మిగులుతుంది?

ప్రశ్న: మాది రాయగడ, బీటెక్ మూడో ఏడాది. పీఎల్ఎల్‌లో వీసీఓ ఇంటిగ్రేటర్ కాబట్టి ఎర్రర్ సున్నా కావాలి కదా? ఇన్‌పుట్ ఫ్రీక్వెన్సీ కాస్త మార్చాను. లాక్ పోలేదు, కానీ ఫేజ్ ఎర్రర్ మిగిలిపోయింది. తప్పు నా సర్క్యూట్‌దా?

జవాబు: సర్క్యూట్ బాగానే ఉంది. వీసీఓ ఇంటిగ్రేటర్ అన్న మాటా నిజమే. అయితే ఆ ఒక్క ఇంటిగ్రేటర్ సున్నా చేయగలిగేది ఫేజ్ స్టెప్‌ని మాత్రమే. మీరు ఇచ్చింది ఫ్రీక్వెన్సీ స్టెప్. ఫేజ్ లెక్కలో చూస్తే అది ర్యాంప్, రోజంతా పెరుగుతూనే ఉంటుంది. ఇలా ఒకే ఇంటిగ్రేటర్ ఉన్న టైప్ 1 లూప్ ర్యాంప్‌ని వెంబడిస్తుంది గానీ స్థిరమైన తేడాతో వెనకపడి నడుస్తుంది.

నేను బరంపురంలో ల్యాబ్ చూసుకుంటాను. మా పిల్లలకు 4046 ఐసీతో ఇదే చేయిస్తాం. 5 వోల్టుల సప్లై, ఎక్స్ఓఆర్ ఫేజ్ కంపారేటర్, మామూలు ఆర్‌సీ ఫిల్టర్, దాని డీసీ గెయిన్ F(0) = 1. వీసీఓని 2.5 వోల్టుల దగ్గర 100 కిలోహెర్ట్జ్ వచ్చేలా, వోల్టుకు 10 కిలోహెర్ట్జ్ మారేలా పెడతాం. ఎక్స్ఓఆర్ గెయిన్ సప్లైని బట్టి ఉంటుంది కాబట్టి 7805 రెగ్యులేటర్ తప్పనిసరి. ఇప్పుడు లెక్క:

```
Kd = 5/π = 1.59 V/rad
Ko = 2π × 10⁴ rad/s/V
Kv = Kd·Ko·F(0) = 10⁵ /s
Δω = 2π × 5000 = 31416 rad/s
θe = Δω/Kv = 0.314 rad = 18°
```

ఇన్‌పుట్‌ని 105 కిలోహెర్ట్జ్‌కి జరిపితే స్కోప్‌లో రెండు స్క్వేర్ వేవ్‌లూ జారిపోవు. ఎక్స్ఓఆర్‌కి ఎర్రర్ సున్నా అంటే 90 డిగ్రీల తేడా, అలా ఉన్నవి 108 డిగ్రీలకు జరిగి అక్కడే కుదురుకుంటాయి. ఎందుకో సమీకరణం లేకుండానే చెప్పొచ్చు. 105 రావాలంటే వీసీఓకి 3 వోల్టులు కావాలి. ఆ అదనపు అర వోల్టు ఎక్స్ఓఆరే ఇవ్వాలి, అది ఇవ్వాలంటే ఫేజ్ తేడా ఉండి తీరాలి. అంటే మీరు ఎర్రర్ అంటున్నదే లూప్‌ని ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర పట్టి ఉంచుతోంది. లాక్ అంటే ఫ్రీక్వెన్సీలు సమానం కావడమే, ఫేజ్ తేడా సున్నా కావడం కాదు.

గెయిన్ పెంచితే ఎర్రర్ తగ్గుతుంది. కానీ బ్యాండ్‌విడ్త్ కూడా పెరుగుతుంది, ఎక్స్ఓఆర్ నుంచి వచ్చే 200 కిలోహెర్ట్జ్ రిపుల్ వీసీఓని కుదిపేస్తుంది. అసలు మందు రెండో ఇంటిగ్రేటర్. ఆపాంప్‌తో ఇలాంటి ఫిల్టర్ కట్టండి:

```
F(s) = (1 + sτ2)/(sτ1)
```

ఇప్పుడు లూప్ టైప్ 2. F(0) అనంతం కాబట్టి Δω/Kv సున్నాకి వెళ్తుంది. ఆ అర వోల్టు ఇకపై కెపాసిటర్ మీద నిలిచి ఉంటుంది, దానికి ఫేజ్ తేడాతో పని లేదు. పైన ఉన్న τ2ని మాత్రం వదిలేయకండి. రెండు ఇంటిగ్రేటర్లు కలిసి 180 డిగ్రీలు వెనక్కి లాగుతాయి. τ2 ఇచ్చే జీరో లేకపోతే లూప్ ఊగుతూనే ఉంటుంది.

పుస్తకాల్లో చాలామంది చదవకుండా దాటేసే విషయం ఇంకోటి ఉంది. టైప్ 2లో సున్నా అనేది చివరికి వచ్చేది. మధ్యలో ఎర్రర్ ఎగిరి పడుతుంది. డ్యాంపింగ్ 0.707 అయితే దాని శిఖరం దాదాపు 0.46 Δω/ωn. మన 5 కిలోహెర్ట్జ్ స్టెప్‌కి లూప్ సహజ ఫ్రీక్వెన్సీ, అంటే ωn, కూడా 5 కిలోహెర్ట్జ్ అనుకోండి. ఎర్రర్ సుమారు 35 మైక్రోసెకన్ల దగ్గర 26 డిగ్రీలకు చేరి ఆ తర్వాత తగ్గుతుంది. టైప్ 1లో మిగిలిన 18 కంటే ఎక్కువన్నమాట! అదే రిపుల్ భయంతో సహజ ఫ్రీక్వెన్సీని 1 కిలోహెర్ట్జ్‌కి దించితే లెక్క 130 డిగ్రీలు చూపిస్తుంది. ఎక్స్ఓఆర్ మధ్య నుంచి అటూ ఇటూ 90 వరకే పనికొస్తుంది కాబట్టి ఆ అంకెను నమ్మకూడదు. అక్కడ లూప్ లాక్ వదిలేసి సైకిళ్లు జారుతుంది, కంట్రోల్ వోల్టేజ్ రంపపు పళ్లలా కనిపిస్తుంది. స్టెప్ పెద్దదైతే టైప్ గురించి కన్నా ముందు ωn గురించి ఆలోచించండి.

4046లో రెండో కంపారేటర్ వాడితే మామూలు ఆర్‌సీతోనే దాదాపు టైప్ 2 వస్తుంది. లాక్‌లో దాని అవుట్‌పుట్ తెరుచుకుని ఉంటుంది, కెపాసిటర్ చార్జ్ ఎటూ పోదు. అయితే వీసీఓ ఇన్‌పుట్ అయిన 9వ పిన్ మీద స్కోప్ ప్రోబ్ పెట్టారో, దాని 1 మెగాఓమ్ గుండా చార్జ్ కారిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి ప్రతి సైకిల్‌లో ఒక సన్నని పల్స్ కావాలి, అంటే మళ్లీ కాస్త ఫేజ్ తేడా. మా దగ్గర ఎవరైనా "సార్, టైప్ 2లో కూడా సున్నా రావట్లేదు" అంటే ముందు ప్రోబ్ ఎక్కడుందో చూస్తాను. కంట్రోల్ వోల్టేజ్ చూడాలంటే 10వ పిన్ నుంచి గ్రౌండ్‌కి ఓ రెసిస్టర్ పెట్టి అక్కడ చూడండి. ఆ పిన్ పెట్టిందే అందుకు.