తిరస్కరించిన జతలో రెండు సంఖ్యలనూ వదిలేయాలి

ప్రశ్న: నేను బెంగళూరులో బీఎస్సీ స్టాటిస్టిక్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. సర్వే సంస్థలో ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూకు వెళ్తే లాహిరి పద్ధతి వివరించమన్నారు. జత కుదరకపోతే రెండో సంఖ్యను మళ్లీ తీస్తామన్నాను. తప్పన్నారు. ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్ష కూడా రాయాలనుకుంటున్నాను. నా పొరపాటు ఎక్కడుందండీ?

జవాబు: పెద్దవాటికి ఎక్కువ, చిన్నవాటికి తక్కువగా, పరిమాణానికి అనుపాతంలో ఎంపిక సంభావ్యత ఉండేలా డి. బి. లాహిరి 1951లో ప్రతిపాదించిన ఈ పద్ధతిలో తిరస్కరణే అసలు పని చేస్తుంది. మీరు చెప్పినట్లు చేస్తే ఆ పని జరగదు. మారతహళ్లిలో 5 అపార్ట్‌మెంట్లు ఉన్నాయనీ, వాటిలో వరుసగా 12, 30, 8, 40, 10 ఫ్లాట్లు ఉన్నాయనీ అనుకోండి. మొత్తం 100, అన్నిటికన్నా పెద్దది 40. మొదట 1 నుంచి 5 లోపు ఒక యాదృచ్ఛిక సంఖ్యను, తర్వాత 1 నుంచి 40 లోపు మరొకదాన్ని తీస్తాం. (3, 25) వచ్చిందంటే, మూడో అపార్ట్‌మెంట్‌లో ఉన్నవి 8 ఫ్లాట్లే కనుక జత మొత్తాన్ని వదిలేసి కొత్త జత తీయాలి. తర్వాత (5, 10) వస్తే, 10 ఆ అపార్ట్‌మెంట్ పరిమాణానికి సమానం కనుక అయిదోది ఎంపికైనట్లే. సమానమైతే తీసుకోవాలన్న సంగతి చాలామంది మరచిపోతారు.

ఒక్క ప్రయత్నంలో మూడోది ఎంపికయ్యే సంభావ్యత 1/5 × 8/40, అంటే 1/25. ఏదో ఒకటి ఎంపికయ్యే సంభావ్యత 100/200, అంటే సగం. కనుక చివరికి మూడోదానికి దక్కేది 2/25, సరిగ్గా 8/100. మీరు మూడోదాన్ని పట్టుకుని రెండో సంఖ్యను మాత్రమే మళ్లీ మళ్లీ తీస్తే, ఎప్పటికైనా 8 లోపు సంఖ్య వచ్చి తీరుతుంది కనుక దాని సంభావ్యత 1/5 దగ్గరే నిలిచిపోతుంది. 8 ఫ్లాట్లదీ 40 ఫ్లాట్లదీ సమానమైపోతాయి. ఇంటికి వెళ్లాక కంప్యూటర్‌లో 1,000 ఎంపికలు చేసి చూడండి: మూడోది దాదాపు 80 సార్లు రావాలి, 200 దగ్గర వస్తే ఈ పొరపాటే జరిగినట్లు. అంచనా విలువను చూసి మాత్రం దీన్ని పట్టుకోగలమని అనుకోవద్దు. సర్వేలో కొలిచేది ఫ్లాట్ల సంఖ్యకు అనుపాతంలో ఉంటే, దాన్ని పరిమాణం ప్రకారం ఉండాల్సిన సంభావ్యతతో భాగించి వేసే మొత్తం అంచనా తప్పుడు ఎంపికతోనూ సరిగానే వస్తుంది.

ఈ పద్ధతిని ఎందుకు వాడతారని ఇంటర్వ్యూలో తప్పక అడుగుతారు. పరిమాణాలను వరుసగా కూడుకుంటూ సంచిత మొత్తాలు వేసుకోనక్కర్లేదు, గరిష్ఠ పరిమాణం తెలిస్తే చాలు. అది కచ్చితంగా తెలియకపోతే కాస్త పెద్ద సంఖ్యను పెట్టుకోవచ్చు, తిరస్కరణలు పెరుగుతాయి తప్ప సంభావ్యతలు చెడవు. తక్కువ పెట్టుకుంటే మాత్రం పెద్ద అపార్ట్‌మెంట్లకు రావలసిన వాటా కోతపడుతుంది. ఒక ఎంపికకు సగటున పట్టే ప్రయత్నాలు గరిష్ఠాన్ని సగటు పరిమాణంతో భాగిస్తే వస్తాయి: పై ఉదాహరణలో 40/20, అంటే 2. అదే 20 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్లు 99, 2,000 ఫ్లాట్ల టౌన్‌షిప్ ఒకటి ఉంటే సగటున 50 ప్రయత్నాలు పడతాయి. అలాంటి జాబితాకు సంచిత మొత్తాల పద్ధతే మేలని నా అభిప్రాయం.