27 బదులు 72 కొడితే ఫోను ఎందుకు ఆపలేదు?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. పాతపట్నంలో ఉన్న మా చెల్లికి మొబైల్ బ్యాంకింగ్‌లో 18,000 రూపాయలు పంపాను. ఖాతా నంబరులో 27 బదులు 72 కొట్టేశాను. డబ్బు కట్ అయింది, చెల్లికి చేరలేదు. కార్డు నంబరులో ఒక్క అంకె తప్పినా వెంటనే ఎర్రగా చూపిస్తుంది కదా, దీనికెందుకు చూపించలేదు? నా డబ్బు వస్తుందా?

జవాబు: ముందు ఈ రోజే మీ బ్రాంచికి వెళ్లండమ్మా. లావాదేవీ మెసేజ్‌లో వచ్చిన యూటీఆర్ నంబరు, తప్పు ఖాతా నంబరు, సరైన నంబరు మూడూ రాసి అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. ఆ తప్పు నంబరుతో ఖాతా లేకపోతే డబ్బు దానంతటదే వెనక్కి వస్తుంది. ఎవరిదైనా ఖాతా ఉంటే మీ బ్యాంకు అవతలి బ్యాంకుకు రాస్తుంది, వాళ్లు ఆ ఖాతాదారుణ్ణి అడుగుతారు. అతను ఒప్పుకోకుండా బ్యాంకు తనంతట తాను ఆ సొమ్ము తీసి ఇవ్వదు. అందుకే ఆలస్యం చేయవద్దు. అర్జీకి 30 రోజుల్లో సమాధానం రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయవచ్చు.

ఇక ఫోను సంగతి. కార్డు నంబరులో చివరి అంకె తనిఖీ కోసమే ఉంటుంది. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1954లో పేటెంటుకు దరఖాస్తు చేసిన పద్ధతి ఇది. చివరి తనిఖీ అంకెను అలాగే ఉంచి, దాని పక్క అంకెతో మొదలుపెట్టి కుడి నుంచి ఎడమకు వస్తూ, ఒకటి విడిచి ఒక అంకెను రెట్టింపు చేయాలి. రెట్టింపు 9 దాటితే అందులోంచి 9 తీసేయాలి. అన్నీ కలిపితే మొత్తం పదితో నిశ్శేషంగా భాగించబడాలి.

చిన్న నంబరుతో చేసి చూద్దాం: 5274163. దీనికి తనిఖీ అంకె వేయాలి. కుడి నుంచి 3 రెట్టింపు 6, తర్వాతి 6 అలాగే, 1 రెట్టింపు 2, తర్వాతి 4 అలాగే, 7 రెట్టింపు 14 కాబట్టి 5, తర్వాతి 2 అలాగే, 5 రెట్టింపు 10 కాబట్టి 1. మొత్తం 26. ముప్ఫైకి నాలుగు తక్కువ, కాబట్టి చివర 4 వేస్తారు: 52741634.

ఇప్పుడు మీలాగే 27ను 72గా కొట్టామనుకోండి. ఇంతకుముందు 2 అలాగే, 7కి 5, కలిపి 7 వచ్చింది. తారుమారైతే 7 అలాగే, 2కి 4, కలిపి 11. మొత్తం 30 కాస్తా 34 అవుతుంది, ఫోను ఆపేస్తుంది. రెట్టింపు లేకుండా ఊరికే అంకెలు కూడితే అటుదిటు ఇటుదటు అయినా మొత్తం మారదు. అందుకే ఆ రెట్టింపు. 9 తీసేయడానికీ కారణముంది. 1 రెట్టింపు 2, 6 రెట్టింపు 12. ఒకట్ల స్థానం మాత్రమే చూస్తే రెండూ 2గానే కనిపిస్తాయి, 1కి బదులు 6 పడినా తెలియదు. 9 తీసేస్తే 6కి 3 వస్తుంది. ఇలా సున్నా నుంచి తొమ్మిది దాకా ఏ రెండింటికీ ఒకే విలువ రాదు కాబట్టి, ఒక్క అంకె ఎక్కడ తప్పినా దొరికిపోతుంది.

దీనికీ కంతలున్నాయి. 09ని 90గా కొడితే రెండు విధాలా 9 వస్తుంది, పట్టుకోలేదు. 22 బదులు 55, 33 బదులు 66, 44 బదులు 77 పడినా అంతే. మధ్యలో ఒక అంకె వదిలి ఇటూ అటూ ఉన్నవి మారిపోతే రెండింటికీ ఒకే లెక్క కాబట్టి అసలే తెలియదు. ఆధార్‌లో చివరి అంకెకు వాడే వెర్‌హాఫ్ పద్ధతి ఇంకా గట్టిది, పక్కపక్క అంకెలు ఎలా తారుమారైనా, 09 సహా, పట్టేస్తుంది.

బ్యాంకు ఖాతా నంబరుకు మన దేశంలో ఇలా అందరికీ ఒకటే అన్న సూత్రం లేదు. పొడవు కూడా బ్యాంకును బట్టి మారుతుంది. కొన్ని బ్యాంకులు తమ నంబర్లలో తనిఖీ అంకె పెట్టుకున్నా, ఆ లెక్క మీ బ్యాంకు యాప్‌కు తెలియదు. మీరు పేరు సరిగ్గా రాసినా లాభం లేదు, నెఫ్ట్‌లో జమ ఖాతా నంబరు చూసే పడుతుంది.

రెండోసారి నంబరు కొట్టమనే గడి వేలి తప్పును పట్టుకుంటుంది గానీ చెవి తప్పును పట్టుకోదు. మన సరిహద్దు ఊళ్లలో ఈ చెవి తప్పు ఎక్కువ. ఒడియాలో ఇరవై ఏడు చెప్పేటప్పుడు ఏడే ముందు వినిపిస్తుంది, తెలుగు అలవాటున్న చెయ్యి 72 రాసేస్తుంది. ఆ చీటీ చూసి రెండుసార్లు కొట్టినా అదే తప్పు రెండుసార్లు పడుతుంది. కాబట్టి ఫోన్లో నంబరు చెప్పించుకోవద్దు, చెప్పినా ఒక్కో అంకె విడిగా చెప్పమనండి. చెల్లిని పాస్‌బుక్ మొదటి పేజీ ఫొటో పంపమంటే ఇంకా మంచిది.

నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లలో పంపే ముందే ఖాతాదారు పేరు చూపించే సదుపాయం 2025 ఏప్రిల్ 1 నాటికి పెట్టాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. కొత్త ఖాతా చేర్చేటప్పుడు ఆ పేరు చూడందే ముందుకు వెళ్లకండి. తర్వాత పది రూపాయలు పంపి, చేరిందని చెల్లి చెప్పాకే మిగతాది పంపండి.